పట్టా, పహాణీ, ఖస్రా: ఏ కాగితం ఏ ప్రశ్నకు జవాబు



ఈ ఉపన్యాసం ఏ సర్వేయరుగారి జ్ఞాపకార్థం జరుగుతోందో, ఆయన గొలుసు పట్టించుకుని గట్ల మీద నడవడం మీలో చాలామంది చూసే ఉంటారు. కాజ, నిడమర్రు, కురగల్లు, నవులూరు పొలాల కొలతలు కాగితం చూడకుండా చెప్పగలిగిన మనిషి. ఆఖరి సంవత్సరాల్లో ఆయన ఇంటికి రైతుల కంటే రైతుల పిల్లలే ఎక్కువగా వచ్చేవారు. హైదరాబాదులో, బెంగళూరులో పుట్టి పెరిగినవాళ్ళు. తండ్రి పోయాక ఫోనులో మీభూమి తెరిచి, అందులో ఒక పేజీ చూపించి, "ఈ పొలం మాదేనాండీ?" అని అడిగేవారు. ఆయన వెంటనే అవుననీ కాదనీ అనేవారు కాదు. "ఈ కాగితం ఏ ప్రశ్నకు జవాబు చెప్పడానికి పుట్టిందో ముందు అది తెలుసుకోండి" అనేవారు. రెవెన్యూ శాఖలో పనిచేసి దిగిపోయిన నాకు, భూమి కాగితాల గురించి అంతకంటే పనికొచ్చే మాట మరొకటి కనిపించలేదు. ఈ సాయంత్రం ఆ మాటనే విప్పి చెబుతాను. ఈ సభలో అలాంటి పిల్లలు కొందరున్నారు. ముఖ్యంగా వాళ్ళకోసమే మాట్లాడుతున్నాను.

మన గుంటూరు సీమ మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో రైత్వారీ పద్ధతి వచ్చింది. మధ్యలో జమీందారు లేకుండా సర్కారు నేరుగా రైతు దగ్గర శిస్తు తీసుకునే ఏర్పాటు అది. అలా తీసుకోవాలంటే సర్కారుకు కొన్ని సంగతులు తెలియాలి. ఊళ్ళో ఏ చెక్క ఎంత ఉంది, అది రేగడా ఇసుకా, మాగాణా మెట్టా, దాని మీద శిస్తు ఎంత, ఆ శిస్తు ఎవరిని అడగాలి. గ్రామ లెక్కలన్నీ ఈ ప్రశ్నలకు జవాబులుగానే పుట్టాయి. పట్టా అంటే ఫలానా నేల శిస్తు ఫలానా వారి పేర ఉందని సర్కారు రాసిచ్చిన కాగితం. పట్టాదారు ఆ శిస్తుకు జవాబుదారీ. 1921-22లో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరిగారు పన్ను నిరాకరణ ఉద్యమం నడిపినప్పుడు గ్రామాధికారులు రాజీనామాలు చేశారు. లెక్క రాసే చెయ్యి ఆగిపోతే వసూలు ఎంత కష్టమో ఆ ఏడాది సర్కారుకు తెలిసొచ్చింది. ఊరి లెక్క పుస్తకానికి అసలు పని వసూలే. హక్కు తేల్చడం దాని పనిగా ఎవరూ పెట్టలేదు.

తరాలు గడిచేకొద్దీ జనం ఆ పుస్తకాన్నే హక్కు పుస్తకంగా చూడటం మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి ఎవరి పేర శిస్తు ఉంటే పొలం వారిదేనని ఊరు నమ్మింది, చాలాసార్లు అది నిజమే అయింది. 1971లో వచ్చిన భూమి హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం ఆ నమ్మకానికి కొంత బలమిచ్చింది. హక్కుల రికార్డులో ఉన్న నమోదు, తప్పని రుజువయ్యేదాకా నిజమేనని అనుకోవాలని ఆ చట్టం ఆరో సెక్షను చెబుతుంది. అందులో "రుజువయ్యేదాకా" అన్న మాట మీద వేలు పెట్టి చదవండి. రెవెన్యూ రికార్డులో పేరు మారినంత మాత్రాన హక్కు పుట్టదు, పోదు అని సుప్రీంకోర్టు 1996లో సావర్ణి కేసులో చెప్పింది, ఆ తర్వాతా పలుమార్లు చెప్పింది. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో టోరెన్స్ అనే ఆయన తెచ్చిన పద్ధతి వేరు. అక్కడ రిజిస్టరులో పేరుంటే అదే హక్కు, వెనక్కి తవ్వే పని లేదు. మన రాష్ట్రంలో 2022 నాటి భూమి హక్కుల చట్టం ఆ దారిన వెళ్ళాలని చూసింది. 2024లో అది రద్దయింది. కాబట్టి ఇవాళ్టికీ మనది వెనక్కి తవ్వవలసిన పద్ధతే.

ఇక మాటల దగ్గరికి వద్దాం. హైదరాబాదులో పెరిగిన పిల్లలకు ముందు వినబడేది పహాణీ. ఇంటర్నెట్టులో వెతికితే హిందీ రాష్ట్రాల ఖస్రా, ఖతౌనీ ఎదురవుతాయి. మంగళగిరి తహసీల్దారు కార్యాలయానికి వెళ్ళి "మా తాతగారి ఖస్రా కావాలి" అంటే అక్కడివాళ్ళు మీ ముఖం వంక చూస్తారు. ఉత్తరాదిలో ఖస్రా నంబరంటే పొలం చెక్క నంబరు. మన సర్వే నంబరు చేసే పనే అది చేస్తుంది. ఖతౌనీ అంటే ఒక మనిషి పేరు కింద ఉన్న చెక్కలన్నీ ఒకచోట చూపించే ఖాతా. మనకు ఆ పని 1-బి చేస్తుంది. తెలంగాణలో పహాణీ అనేదాన్నే మనం అడంగలు అంటాం. ఏ చెక్కలో ఈ ఏడు ఎవరున్నారు, ఏం వేశారు అని ఏటా రాసే లెక్క అది. తెలంగాణలో "ఖాస్రా పహాణీ" అని మరొకటి ఉంది. జాగీర్లు రద్దయ్యాక 1954-55లో ఊరూరా రాసిన మూల రికార్డు అది. అక్కడి కోర్టుల్లో ఇవాళ్టికీ దాన్ని ముందు పెట్టి వాదిస్తారు. మనది నిజాం ఏలుబడి కాదు కనుక గుంటూరు జిల్లాలో అలాంటిది లేదు. మనకు ఆ స్థానంలో ఉన్నది ఆర్.ఎస్.ఆర్., అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు. ఇంగ్లీషు, తెలుగు రెండూ పక్కపక్కన ఉండటంతో దాన్ని పాతవాళ్ళు డైగ్లాట్ అనేవారు.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త చెప్పాలి. తెలంగాణ కాగితంలో 1.20 అని ఉంటే ఎకరం ఇరవై గుంటలు. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి అది ఎకరంన్నర. మన కాగితంలో 1.20 అంటే ఎకరం ఇరవై సెంట్లు. ఎకరానికి వంద సెంట్లు కాబట్టి ఎకరం మీద అయిదో వంతు మాత్రమే ఎక్కువ. ఒకే అంకె, తేడా ముప్ఫై సెంట్లు. అటు మెదక్‌లోనూ ఇటు మంగళగిరిలోనూ పొలాలున్న కుటుంబాల్లో ఇది నిజంగానే కొంప ముంచుతుంది.

ఇప్పుడు ఒక పొలాన్ని పట్టుకుని మొదటినుంచి చివరిదాకా చూద్దాం. నంబర్లూ మనుషులూ నేను కల్పించినవి. చిక్కు మాత్రం కల్పన కాదు. మన మండలంలోనే ఇలాంటివి బోలెడు.

ఒక అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. తండ్రి బ్యాంకు ఉద్యోగి, కిందటేడు పోయారు. ఊళ్ళో తాతగారి మిరప చేను నాలుగు ఎకరాల ముప్ఫై అయిదు సెంట్లు ఉందని చిన్నప్పటి నుంచీ విన్నది. మీభూమిలో చూస్తే సర్వే నంబరు 214/2, విస్తీర్ణం 4.35, పట్టాదారు పెదనాన్న ఒక్కడే. సంక్రమించిన విధం దగ్గర "వారసత్వం" అని ఉంది. నాన్న పేరు లేదు, పక్క ఊరికి కోడలై వెళ్ళిన మేనత్త పేరూ లేదు. ఆ పేజీ చూసి ఆ అమ్మాయి రెండింట్లో ఏదో ఒకటి అనుకుంటుంది. మా వాటా పోయిందని గానీ, పెదనాన్న మోసం చేశాడని గానీ. రెండూ తొందరపాటే.

మొదటి పని ఆ చెక్క ఏదో తేల్చుకోవడం. ఆర్.ఎస్.ఆర్.లో 214 మొత్తం ఎంత, మెట్టా మాగాణా, నేల వర్గం ఏమిటి, పట్టాదారు గడిలో ఏముంది అని చూడాలి. ఆ గడిలో పేరుంటే మంచిదే. "ప్రభుత్వం" అని గానీ, పోరంబోకు అని గానీ, దేవస్థానం ఇనాము అని గానీ ఉంటే అక్కడే ఆగి ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. మంగళగిరి లాంటి క్షేత్రం చుట్టూ ఇనాము భూములు ఉండటం వింత కాదు. పేరు బదులు చుక్కలు పెట్టి వదిలేసిన గళ్ళూ ఉంటాయి. వాటినే చుక్కల భూములంటారు. వాటి కోసం 2017లో ప్రత్యేకంగా చట్టమే చెయ్యవలసి వచ్చింది. ఆ తర్వాత ఎఫ్.ఎం.బి. నకలు తీసుకోవాలి. చెక్క ఆకారమూ, గట్ల కొలతలూ ఉండేది అందులోనే. 214 ఎప్పుడు రెండుగా చీలింది, రెండో ముక్క ఏ వైపు ఉంది అనేది అది చెబుతుంది. ఈ మధ్య రీసర్వే పూర్తయిన ఊళ్ళలో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్.పి.ఎం. నంబరు వచ్చింది. అక్కడ పాత నంబరుకు కొత్త నంబరేదో కలిపి చూపే జాబితా కూడా అడిగి తీసుకోవాలి. లేకపోతే దస్తావేజులో ఒక నంబరు, రికార్డులో ఒక నంబరు ఉండి, ఆ రెండూ ఒకే చేనని ఎవరికీ చెప్పలేరు.

రెండో పని పేరు ఎలా వచ్చిందో చూడటం. 10(1) అనే పాత లెక్కలో తాతగారి పేర పట్టా నంబరు ఉంది, 4.35 ఉంది. అది ఆయనకు ఎలా వచ్చింది? 1958లో రిజిస్టరు క్రయ దస్తావేజు మీద కొన్నారు. అంటే స్వార్జితం. ఈ ఒక్క సంగతి మీద మిగతా లెక్కంతా నిలబడుతుంది. స్వార్జితమైన ఆస్తిని వీలునామా రాయకుండా వదిలి వెళితే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్ళు సమానంగా వారసులు. పిత్రార్జితమైతే దారి వేరు. కూతుళ్ళకు మన రాష్ట్రం 1985లో సవరణ తెచ్చినా, అప్పటికే పెళ్ళయినవాళ్ళను అందులోంచి తప్పించింది. 2005లో కేంద్ర చట్టం మారాకే ఆ తేడా పోయింది. 1958 దస్తావేజు చేతికి దొరికితే మేనత్త వాటా గురించి ఆ చర్చ అవసరమే రాదు. అందుకే పాత ట్రంకుపెట్టె వెతకండి అంటాను. అందులో లేకపోతే సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో నకలు తీయించండి. కంప్యూటరులో దొరికే ఈసీ 1980ల నుంచి మాత్రమే ఉంటుంది. అంతకు ముందువి పుస్తకాల్లో చేత్తో వెతికించాలి. ఓపిక కావాలి గానీ దొరుకుతాయి.

మూడో పని ఏటేటి అడంగళ్ళు వరసగా చదవడం. అడంగలు మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. ఫసలీ జులై ఒకటిన మొదలవుతుంది. దానికి 590 కలిపితే ఇంగ్లీషు ఏడు వస్తుంది. ఫసలీ 1401 అంటే 1991 జులై నుంచి 1992 జూన్ దాకా. తాతగారు 1991 వేసవిలో పోయారనుకుందాం. 1401 అడంగలులో పట్టాదారు గడిలో ఇంకా తాతగారే ఉన్నారు, అనుభవదారు గడిలో పెద్దకొడుకు. 1405 దాకా అంతే. 1406లో పట్టాదారు గడిలోకీ పెద్దకొడుకు పేరు వచ్చేసింది. ఇప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: 1405కూ 1406కూ మధ్య ఏ కాగితం పుట్టింది?

చాలా ఇళ్ళలో ఏ కాగితమూ పుట్టి ఉండదు. 1984లో కరణాలు, మునసబుల ఉద్యోగాలు రద్దయ్యాయి. వంశపారంపర్యపు పెత్తనం పోవడం మంచిదే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఎవరి ఇంట్లో ఎంతమంది వారసులో తెలిసిన మనిషి చేతిలోంచి పుస్తకం తెలియని మనిషి చేతికి వెళ్ళింది. ఆ తర్వాత 1989 నుంచి కొత్త హక్కుల రికార్డు రాసి పాసుపుస్తకాలు ఇవ్వడం మొదలైంది. రాసేవాళ్ళు ఊరికి వచ్చినప్పుడు ఊళ్ళో ఉన్నవాడు, దున్నుతున్నవాడు తన పేరు రాయించుకున్నాడు. నోటీసు వెయ్యాలి, అభ్యంతరాలు వినాలి అని చట్టంలో ఉంది. నోటీసు చావడి గోడ మీద ఉంటే హైదరాబాదులో బ్యాంకులో కూర్చున్న తమ్ముడికి ఏం తెలుస్తుంది? పక్క ఊళ్ళో ఉన్న ఆడపడుచును ఎవరు అడుగుతారు? ఇందులో కుట్ర ఉండనక్కర లేదు. కానీ ఆడపిల్లల పేర్లు మాత్రం దాదాపు ఎప్పుడూ ఇలాగే జారిపోయాయి. ఉద్యోగంలో ఉండి కళ్ళారా చూశాను కనుక ఈ మాట బాధతోనే చెబుతున్నాను.

నాలుగో పని ఆ పేరు మార్పు ఉత్తర్వు నకలు అడగడం, దాంతోపాటు 1991 నుంచి ఈసీ తీయడం. ఈసీలో భాగపరిష్కార దస్తావేజు గానీ, తమ్ముడో చెల్లెలో రాసిచ్చిన హక్కు విడుదల దస్తావేజు గానీ ఉంటే పెదనాన్న పేరుకు ఆధారం ఉన్నట్టు. మన ఉదాహరణలో అలాంటిదేమీ లేదు. మరి 1-బిలో "వారసత్వం" అన్న మాట ఏం చెబుతోంది? ఆయన కూడా వారసుడే అని చెబుతోంది. ఆయన ఒక్కడే వారసుడని చెప్పడం లేదు. నానమ్మ కూడా పోయింది కాబట్టి ముగ్గురు పిల్లలకు సమానం. 435 సెంట్లలో ఒక్కొక్కరికి 145. చనిపోయిన తండ్రి వాటా 145 సెంట్లు ఆ అమ్మాయికీ తల్లికీ చెరి సగం, డెబ్బై రెండున్నర చొప్పున. మీభూమి పేజీలో సున్నాగా కనిపించిన వాటా ఇది. పేజీ అబద్ధం చెప్పలేదు. పేరు ఎవరిది అన్నదానికి జవాబిచ్చింది. వాటా ఎంత అని దాన్ని అడగడమే తప్పు.

కలిసి ఉన్న ఆస్తిలో ఒక వారసుడి స్వాధీనాన్ని అందరి తరఫునా ఉన్న స్వాధీనంగానే చట్టం చూస్తుంది. ముప్ఫై ఏళ్ళు పెదనాన్నే దున్నాడు కాబట్టి వాటా పోయిందనడం కుదరదు. అయితే "మీకిందులో ఏమీ లేదు" అని ఆయన బాహాటంగా కాదన్న నాటి నుంచి గడియారం తిరగడం మొదలవుతుంది. ఆ తర్వాత పన్నెండేళ్ళు ఊరుకుంటే కేసు బలహీనపడుతుంది. అందుకని అలా కాదన్న ఉత్తరమో, మధ్యవర్తుల ముందు మాటో ఉంటే దాని తేదీ రాసిపెట్టుకోండి.

తర్వాత ఏం చెయ్యాలి? పేరు మార్పు మీద ఆర్డీవోకు అప్పీలు, ఆపైన జాయింట్ కలెక్టరుకు రివిజన్ ఉన్నాయి. కానీ ఇన్నేళ్ళ తర్వాత ఆ దారి ఇరుకు. పైగా వాటాలు తేల్చే అధికారం రెవెన్యూ వారిది కాదు. ముగ్గురు పిల్లల తరఫువాళ్ళూ కూర్చుని భాగపరిష్కార దస్తావేజు రిజిస్టరు చేయించుకోవడం అన్నిటికంటే దగ్గర దారి. కుదరకపోతే సివిల్ కోర్టులో భాగాల దావా. దస్తావేజు రాసేటప్పుడు మూడు ముక్కలకూ హద్దులు రాయాలి. సర్వేయరు చేత కొలిపించి కొత్త సబ్‌డివిజన్లు వేయించాలి. కొలిచినప్పుడు 4.35 బదులు 4.29 తేలవచ్చు. హద్దులకూ విస్తీర్ణానికీ పేచీ వస్తే మామూలుగా హద్దులే గెలుస్తాయి కాబట్టి, ఆ ఆరు సెంట్లు ఎవరి భాగంలో తగ్గించాలో రాతకు ముందే మాట్లాడుకోవాలి. ఇదంతా అయ్యాకే పేరు మార్పుకు అర్జీ. ముందు అర్జీ పెట్టి, తర్వాత వాటాలు చూసుకుందామనుకునేవాళ్ళు రెండుసార్లు తిరుగుతారు.

పట్టా అన్న మాటకు ఇంకో మెలిక ఉంది. ట్రంకుపెట్టెలో దొరికిన ప్రతి పట్టా ఒకటి కాదు. మీద డి.కె.టి. అనో, డి పట్టా అనో ఉంటే అది సర్కారు పేదవాళ్ళకు దఖలు చేసిన భూమి. పిల్లలకు వస్తుంది గానీ, 1977 చట్టం ప్రకారం అమ్మడానికి వీల్లేదు. తర్వాత వచ్చిన సవరణలు కొన్ని సందర్భాల్లో సడలింపు ఇచ్చాయి. మీ భూమి ఆ సడలింపులోకి వస్తుందో లేదో తేలకుండా బయానా పుచ్చుకోవద్దు. తాత ఎవరి దగ్గరో అలాంటి భూమి కొని ఉంటే చాలావరకు ఆ కొనుగోలే చెల్లదు. పాత అడంగలులో "శివాయి జమా" అని ఉంటే సంగతి ఇంకా వేరు. అది సర్కారు నేలలో అనుమతి లేకుండా దున్నినందుకు వేసిన జరిమానా లెక్క. ఏటా రసీదు ఉందని దాన్ని హక్కనుకున్న కుటుంబాలున్నాయి. రసీదు డబ్బు కట్టినట్టు చెబుతుంది, అంతే.

అడంగలులో ఒక చిన్న గడి ఎంత దూరం పోతుందో మన ప్రాంతానికి 2015లో తెలిసింది. రాజధాని కోసం తుళ్ళూరు, మంగళగిరి, తాడేపల్లి మండలాల్లో భూసమీకరణ జరిగినప్పుడు మెట్ట ఎకరానికి వెయ్యి గజాల నివాస స్థలం, 250 గజాల వ్యాపార స్థలం ఇస్తామన్నారు. జరీబు ఎకరానికి వ్యాపార స్థలం 450 గజాలు. కౌలు మెట్టకు ఏడాదికి 30 వేలు, జరీబుకు 50 వేలు. కృష్ణ ఒడ్డున నీళ్ళు పైకే ఉండి ఏడాది పొడుగునా పంట తీసే నేలను మన వాళ్ళు జరీబు అంటారు. ఎన్నో ఏళ్ళుగా మిరప, అరటి, కూరగాయలు పండించినా జలాధారం గడి దగ్గర ఎవరూ శ్రద్ధగా రాయించని చేలు ఉన్నాయి. బోరు ఉంటే దాని కాగితం, పంట ఉంటే ఆ ఫసలీ అడంగలు తీసి దాచుకున్నవాళ్ళకే తమ నేల ఎలాంటిదో చూపించడం తేలికైంది.

చివరగా అనుభవదారు గడి గురించి. పట్నంలో ఉండే వారసులకు ఎక్కువ భయం దీని మీదే. చేను కౌలుకిస్తారు, కౌలుదారు పేరు అడంగలులో ఎక్కితే పొలం పోతుందని నోటి మాటతోనే నడిపిస్తారు. దాంతో మిరపకు పెట్టుబడి పెట్టి, తెగులుకో వానకో దెబ్బతిన్న కౌలుదారుకు బ్యాంకు రుణం రాదు, నష్టపరిహారమూ రాదు. ఆ పరిహారం పట్నంలో ఉన్న పట్టాదారు ఖాతాలో పడుతుంది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ఈ భయం తీర్చడానికే వచ్చింది. పదకొండు నెలలకు సాగుదారుడి కార్డు ఇస్తారు. పంట మీద తప్ప భూమి మీద దానికి ఏ హక్కూ లేదని చట్టమే చెబుతుంది. పట్టాదారు సంతకం లేనిదే ఆ కార్డు రాదు కాబట్టి, భయంతో ఆ సంతకం ఆపేది పట్నంలో ఉన్న వారసులే. ఇంతసేపూ చెప్పుకున్నట్టు, పట్టాదారు గడిలో ముప్ఫై ఏళ్ళు ఒక్కడి పేరే ఉన్నా చెల్లెలి హక్కు పోలేదు. అలాంటప్పుడు పక్క గడిలో పదకొండు నెలలు కౌలుదారు పేరుంటే మీ హక్కు ఎలా పోతుంది? ఈ వేసవిలో ఊరికి వచ్చినప్పుడు సచివాలయానికి మీ కౌలుదారుతో కలిసి వెళ్ళండి. ఒప్పందం కాగితం మీద సర్వే నంబరు, సబ్‌డివిజన్, ఎన్ని సెంట్లు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది రాయించి సంతకం పెట్టండి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.